వెనక చక్రం విప్పినప్పుడు: ఏది కంపెనీది, ఏది డూప్లికేట్, ఎక్కడ తగ్గించుకోవచ్చు

నల్లగొండలోనైనా, మహబూబ్‌నగర్‌లోనైనా బండి స్పేర్ పార్ట్స్ షాపు ముందు నిలబడితే మొదట వినబడే ప్రశ్న ఒకటే: "ఒరిజినల్ కావాల్నా, డూప్లికేట్ కావాల్నా?" రెండే రకాలున్నట్టు అడుగుతారు, మనమూ రెండే ఉన్నట్టు జవాబిస్తాం. చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది. కౌంటరు వెనక అరల్లో ఉన్నవి నిజానికి నాలుగు రకాలు. వాటిలో మూడు నిజాయితీగా తయారైనవే.

మొదటిది బండి కంపెనీ పేరుతో, కంపెనీ పాకెట్‌లో వచ్చేది. దీన్నే మనం జెన్యూన్ అంటాం. బండి కంపెనీలు బ్రేక్ షూలు, బేరింగులు, చైన్లు చాలావరకు సొంతంగా తయారుచేయవు. వేరే ఫ్యాక్టరీల దగ్గర తమ కొలతలకు చేయించుకుని, పరీక్షించి, తమ పాకెట్‌లో అమ్ముతాయి. రెండోది అలాంటి ఫ్యాక్టరీలే తమ సొంత పేరుతో బజారుకు పంపే సరుకు. బేరింగుల్లో ఎస్‌కేఎఫ్, ఎన్‌బీసీ, చైన్లలో రోలాన్, డైమండ్ లాంటి పేర్లు ఇలా వినబడేవే. మూడోది బండి కంపెనీతో సంబంధం లేని చిన్నాపెద్దా తయారీదారులు తమ పేరు వేసుకుని అమ్మేది. షాపులో "లోకల్" అనేది దీన్నే. ఇందులో మంచివీ ఉంటాయి, నాసివీ ఉంటాయి. కానీ పాకెట్ మీద ఉన్న పేరు వాళ్లదే. నాలుగోది నకిలీ. ఎవరో తయారుచేసి, పేరున్న కంపెనీ పేరూ హోలోగ్రామూ అచ్చుగుద్ది అమ్మేది. నేరమైనది ఇదొక్కటే.

"డూప్లికేట్" అనే ఒక్క మాటలో మూడోదాన్నీ నాలుగోదాన్నీ కలిపేయడం వల్ల రెండు నష్టాలు. నిజాయితీగా తన పేరు పెట్టుకున్న లోకల్ పార్టును అనవసరంగా భయపడి వదిలేస్తాం. కంపెనీ పాకెట్‌లో కూర్చున్న నకిలీని మాత్రం పూర్తి ధర పెట్టి, కళ్లు మూసుకుని కొంటాం. నకిలీ ఎప్పుడూ చవగ్గా ఉంటుందనుకోవడం పొరపాటు. బాగా చవకైతే కొనేవాడికి అనుమానం వస్తుందని అమ్మేవాడికి తెలుసు. అందుకే ఎమ్మార్పీకి పది, పదిహేను శాతం తగ్గించి ఇస్తాడు. మిగతా తేడా అంతా అతని లాభం.

దీన్ని ఒక వెనక చక్రం దగ్గర నిలబడి చూద్దాం. దేవరకొండ చుట్టుపక్కల ఊళ్ల నుంచి రోజూ పాలు తెచ్చే 100 సీసీ బండి అనుకోండి. వెనక రెండు పక్కలా 40 లీటర్ల క్యాన్లు. పాల బరువే ఎనభై కిలోలు దాటుతుంది, క్యాన్లూ మనిషీ అదనం. ఈ తరగతి బళ్లు మొత్తం మీద 130 కిలోల చుట్టూ మోయడానికి తయారైనవి. కాబట్టి వెనక చక్రంలో ప్రతి భాగం రోజూ హద్దు దాటే పనిచేస్తోంది. ఇప్పుడు కంప్లయింట్లు మూడు: వెనక బ్రేకు అందడం లేదు, చక్రంలోంచి గరగర శబ్దం వస్తోంది, గేరు మార్చినప్పుడు చైను గుంజుతోంది. మెకానిక్ చక్రం విప్పి బ్రేక్ షూలు, రెండు బేరింగులు, చైన్ స్ప్రాకెట్ కిట్, హబ్బు లోపలి రబ్బర్లు మార్చాలంటాడు.

ఏది ఏ రకంలో కొనాలో తేల్చడానికి ప్రతి భాగం గురించి మూడు ప్రశ్నలు వేసుకుంటే చాలు. అది పాడైతే ముందు హెచ్చరిక ఇస్తుందా, ఒక్కసారిగా పోతుందా? పోతే మనిషి పడిపోతాడా, బండి ఆగుతుందా, శబ్దం మాత్రమే వస్తుందా? పోతూ పోతూ పక్కనున్న ఖరీదైన భాగాన్ని కూడా తినేస్తుందా? ధర చూడాల్సింది వీటి తర్వాతే.

బ్రేక్ షూ: ఇక్కడ బేరం వద్దు

అర్ధచంద్రాకారపు అల్యూమినియం ముక్క మీద లైనింగును అంటించి, వేడిలో గట్టిపరిస్తే బ్రేక్ షూ అవుతుంది. పనంతా ఆ లైనింగుదీ, దాన్ని పట్టి ఉంచే జిగురుదీ. లైనింగు నార, లోహపు పొడి, రాపిడినిచ్చే పదార్థాలు, వీటన్నింటినీ కలిపి ఉంచే రెజిన్‌తో తయారవుతుంది. సరిగా ఉడకని రెజిన్ వేడెక్కగానే ఆవిరి వదులుతుంది. ఆ ఆవిరి డ్రమ్ముకూ లైనింగుకూ మధ్య పలచని పొరలా నిలిచి పట్టు తగ్గిస్తుంది. పెడల్ ఎంత తొక్కినా బండి జారుతూనే ఉంటుంది. ఊళ్లో నలభైలో తిరిగితే ఈ లోపం బయటపడదు. మన్ననూరు దాటి నల్లమలలో దోమలపెంట మీదుగా శ్రీశైలం డ్యాం వైపు దిగే ఘాటులో, వరసగా బ్రేకు తొక్కుతూ దిగాల్సివచ్చినప్పుడు బయటపడుతుంది. షాపులో కొత్తదిగా చూసి దీన్ని ఎవరూ పట్టుకోలేరు. బ్రేక్ షూలో నాసిరకం ప్రమాదకరం కావడానికి కారణం ఇదే.

రెండో ప్రమాదం జిగురు. లైనింగు షూ నుంచి ఊడి డ్రమ్ములో ఇరుక్కుంటే వెనక చక్రం నడుస్తూ నడుస్తూనే బిగుసుకుపోతుంది. తడి రోడ్డు మీద అది నేరుగా కింద పడేయడమే. మూడోది నెమ్మదిగా జరిగే నష్టం. లైనింగు మరీ గట్టిదైతే డ్రమ్ము లోపలి ఇనుప గోడ మీద గాట్లు పడతాయి. ఈ తరగతిలో చాలా బళ్ల డ్రమ్ము లోపలి వ్యాసం 130 మిల్లీమీటర్లు, అరుగుదల హద్దు 131. ఆ హద్దు చాలా హబ్బుల లోపల అచ్చువేసే ఉంటుంది. అది దాటితే మార్చాల్సింది షూ కాదు, మొత్తం హబ్బు.

2019 ఏప్రిల్ తర్వాత అమ్మిన 125 సీసీ లోపు బళ్లలో ఏబీఎస్ లేనివాటన్నింటికీ కంబైన్డ్ బ్రేక్ తప్పనిసరి. ఈ బళ్లలో సాధారణంగా వెనక పెడల్ తొక్కితే ముందు బ్రేకు కూడా కొంత పడుతుంది. రెండు చక్రాల మధ్య ఆ పంపకం కంపెనీ లెక్కగట్టిన లైనింగు పట్టును బట్టి ఉంటుంది. వెనక వేరే రకం షూ వేస్తే ఆ లెక్క తప్పుతుంది.

షాపులో షూను చేతిలోకి తీసుకుని చూడాల్సినవి కొన్నే. లైనింగు అంచుకూ అల్యూమినియానికీ మధ్య గోరు దూర్చి చూడండి. సందు ఉండకూడదు, జిగురు ముద్దలుగా బయటికి వచ్చి ఉండకూడదు. రెండు షూలనూ పక్కపక్కన పెడితే లైనింగు మందం, రంగు, అంచు కోత ఒకేలా ఉండాలి. బొటనవేలితో గట్టిగా రుద్దితే వేలికి నల్లపొడి దండిగా అంటుతుంటే ఆ లైనింగు సరిగా గట్టిపడలేదు. అల్యూమినియం మీద అచ్చులు, పార్ట్ నంబరు స్పష్టంగా ఉండాలి. పోతలో చిన్న గుంతలు, అంచుల్లో ముళ్లలాంటి పలుకులు మంచి ఫ్యాక్టరీ వదలదు. అన్నింటికన్నా మంచి పరీక్ష విప్పిన హబ్బు దగ్గరుంటే చేయొచ్చు. షూ మీద సుద్దముక్క రాసి, చేత్తో డ్రమ్ముకు ఆనించి కొంచెం కదపండి. సుద్ద లైనింగు పొడవునా చెదిరితే వంపు సరిపోయింది. రెండు కొసల్లోనో, నడుమ మాత్రమే చెదిరితే ఆ షూ అరిగి కూర్చునేదాకా సగం బ్రేకే.

కాబట్టి షూ విషయంలో బండి కంపెనీ పాకెట్, లేదా బ్రేకు సామాన్లకు పేరున్న తయారీదారు సొంత పాకెట్, అదీ అధీకృత డీలరు దగ్గర. పాత షూలకు కొత్త లైనింగు అంటించి అమ్మే రీలైనింగ్ సరుకు ఎంత తక్కువకు వచ్చినా ద్విచక్ర వాహనానికి వద్దు. అంటించే ముందు పాత జిగురు ఎంత శుభ్రం చేశారో, ఎంత వేడిలో, ఎంత ఒత్తిడిలో గట్టిపరిచారో కొనేవాడికి తెలిసే దారి లేదు.

బిగించేటప్పుడు రెండు జాగ్రత్తలు. డ్రమ్ములో పేరుకున్న దుమ్మును కంప్రెసర్ గాలితో ఊదించొద్దు, తడి బట్టతో తుడిపించండి. చవక లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, ఆ పొడి ఊపిరితిత్తులకు చేటు. మెకానిక్ రోజంతా ఆ దుమ్ములోనే ఉంటాడు కాబట్టి ఇది ముందు అతని కోసం. రెండోది, బ్రేకు ప్లేటును స్వింగ్ ఆర్మ్‌కు పట్టి ఉంచే టార్క్ రాడ్ నట్టు, దాని పిన్ను. అది ఊడితే బ్రేకు తొక్కగానే ప్లేటే తిరిగి చక్రం పట్టేస్తుంది. ఎంత అసలైన షూ వేసినా కాపాడదు. పిన్ను పాతది వంచి మళ్లీ పెట్టొద్దు, కొత్తది వేయించండి.

బేరింగు: పాకెట్ కాదు, నంబరు చదవండి

బేరింగు దగ్గర లెక్క మారుతుంది. బ్రేక్ షూ ఒక బండికి మాత్రమే తయారైన వస్తువు. బేరింగు ప్రపంచమంతటా ఒకే కొలతల్లో దొరికేది. పాతది విప్పి, తుడిచి, రింగు మీది నంబరు చదవండి. 6301 అని ఉంటే లోపలి రంధ్రం 12 మిల్లీమీటర్లు, బయటి వ్యాసం 37, మందం 12. 6203 అయితే 17, 40, 12. చివరి రెండంకెలు లోపలి రంధ్రాన్ని చెబుతాయి: 01 అంటే 12, 02 అంటే 15, 03 అంటే 17 మిల్లీమీటర్లు. ముందూ వెనకా, ఎడమా కుడీ వేర్వేరు నంబర్లు ఉండొచ్చు కాబట్టి రెండూ చదవాలి. అంకెల తర్వాతి అక్షరాలు కూడా అంతే ముఖ్యం. ఆర్ఎస్ అంటే రబ్బరు మూత, జెడ్ అంటే రేకు మూత. సీ3 అని ఉంటే లోపల గుండ్లకు మామూలుకన్నా ఎక్కువ సందు ఉన్నది. చెల్క దుమ్ములో, పొలం బురదలో తిరిగే బండికి రెండు పక్కలా రబ్బరు మూత ఉన్నది ఎక్కువ కాలం నిలుస్తుంది. అయితే హబ్బు డిజైనుకు ఏది వేశారో దాన్నే అనుసరించాలి.

బండి కంపెనీ పాకెట్ విప్పితే లోపల బేరింగు మీద చాలాసార్లు బేరింగు తయారీదారు పేరే కనిపిస్తుంది. అంటే అదే పేరు, అదే నంబరు, అవే అక్షరాలు ఉన్న బేరింగును బేరింగుల డీలరు దగ్గర కొంటే నాణ్యతలో రాజీ పడ్డట్టు కాదు. పాకెట్ ఖర్చు తగ్గించుకున్నట్టు. ఈ చక్రంలో తెలివైన పొదుపు ఇదే.

కానీ నకిలీల బెడద ఎక్కువగా ఉన్న చోటు కూడా ఇదే. బేరింగు కంపెనీలు ఏకమై నకిలీలకు వ్యతిరేకంగా ప్రపంచస్థాయిలో ప్రచారం నడుపుతున్నాయంటే సమస్య ఎంత పెద్దదో ఊహించుకోవచ్చు. నకిలీలో రెండు రకాలు. ఒకటి, పేరులేని చవక బేరింగు మీద పేరున్న ముద్ర కొట్టింది. రెండోది, పాత బేరింగును కడిగి, పాలిష్ పట్టి, గ్రీజు పెట్టి, కొత్తగా ముద్రవేసింది. ఈ రెండోదాన్ని పట్టుకోవడం కొంత సులువు. బయటి రింగు మీద వెలుతురు పడేలా తిప్పితే పాలిష్ గీతలు గజిబిజిగా కనబడతాయి. అసలు దాని మీద నునుపైన, ఒకే దిశలో సాగే సన్నని మెరుపు ఉంటుంది. పాలిష్ వల్ల బయటి వ్యాసం కొద్దిగా తగ్గుతుంది కాబట్టి హబ్బులో చేత్తో తోస్తేనే కూర్చుంటుంది. బేరింగు అలా వదులుగా కూర్చుందంటే బేరింగైనా బాగాలేదు, హబ్బైనా అరిగింది. ఏదో తేల్చుకోకుండా బిగించొద్దు.

మొదటి రకం మాత్రం కంటికి దొరకదు. ముద్ర లోతుగా ఉందనో, అక్షరాలు వంకరగా ఉన్నాయనో కొన్నిసార్లు తెలుస్తుంది గానీ, ముద్ర చక్కగా ఉంటే అసలుదేనని నమ్మడానికి లేదు. ఇక్కడ ఫోను సాయం తీసుకోవాలి. ఎస్‌కేఎఫ్ వాళ్ల అథెంటికేట్ యాప్‌లో బేరింగు, పాకెట్ ఫొటోలు పంపితే వాళ్ల నిపుణులు చూసి చెబుతారు. ఎఫ్ఏజీ బేరింగులు అమ్మే షాఫ్లర్‌కు ఒరిజిన్‌చెక్ అనే యాప్ ఉంది, పాకెట్ మీది కోడును స్కాన్ చేస్తుంది. ఒక్క 6301 కోసం ఇంత శ్రమా అనిపిస్తే, కనీసం ఆ కంపెనీ వెబ్‌సైటులో పేరున్న డీలరు దగ్గరే కొనండి. సికింద్రాబాద్ రాణీగంజ్ నుంచి సరుకు తెచ్చుకునే షాపైనా సరే, ఏ డీలరు బిల్లు మీద తెచ్చాడో అడగండి. నిజాయితీగా అమ్మేవాడు బిల్లు చూపించడానికి వెనకాడడు.

షాపులో బేరింగు లోపలి రింగును వేలితో గిర్రున తిప్పి "చూడన్నా, ఎంత ఫ్రీగా తిరుగుతుందో" అని చూపిస్తారు. రబ్బరు మూతలున్న కొత్త బేరింగు బొంగరంలా తిరగకూడదు. మూత అంచు లోపలి రింగును తాకుతుంది, లోపల గ్రీజు ఉంటుంది. కాబట్టి కొంచెం బరువుగా, నునుపుగా కదిలి ఆగాలి. గలగలలాడుతూ చాలాసేపు తిరిగితే మూత ఆనడం లేదు లేదా లోపల గ్రీజు లేదు. దుమ్మూ నీళ్లూ అదే దారిన వెళతాయి.

అసలైన బేరింగు కూడా నెల తిరక్కముందే పోతుంటుంది. అప్పుడు "డూప్లికేట్ ఇచ్చిండు" అని షాపువాడిని తిడతారు. ఎక్కువసార్లు తప్పు బిగించడంలో ఉంటుంది. హబ్బులోకి ఎక్కించేటప్పుడు బయటి రింగు మీద మాత్రమే దెబ్బ పడాలి, అదీ బయటి రింగు అంత వెడల్పున్న గొట్టమో సాకెటో ఆనించి. లోపలి రింగు మీద సుత్తెతో కొడితే ఆ దెబ్బ గుండ్ల ద్వారా వెళ్లి గాడిలో సన్నని గుంతలు పడతాయి. గరగర అక్కడి నుంచే మొదలవుతుంది. రెండో కారణం, రెండు బేరింగుల మధ్య ఉండే డిస్టెన్స్ పీస్ అనే గొట్టం. చక్రం విప్పినప్పుడు అది కింద పడి, తిరిగి వేయడం మరిచిపోతే, యాక్సిల్ నట్టు బిగించగానే లోపలి రింగులు రెండూ ఒకదాని వైపు ఒకటి నొక్కుకుంటాయి. గుండ్లు పక్క ఒత్తిడిలో తిరిగి వేడెక్కుతాయి. అలాంటి చక్రం నట్టు బిగించకముందు తేలిగ్గా, బిగించాక బరువుగా తిరుగుతుంది. ఆ తేడా కనిపిస్తే చక్రాన్ని మళ్లీ విప్పించండి.

చైన్ కిట్: కిలోమీటరుకు ఎంత పడుతుందో చూడండి

చైను చాలా సందర్భాల్లో ముందే చెబుతుంది. సాగుతుంది, శబ్దం చేస్తుంది, గుంజుతుంది. కాబట్టి ఇక్కడ ప్రాణభయం బ్రేకుకన్నా తక్కువ, డబ్బు లెక్క ఎక్కువ. అయినా పూర్తిగా నాసిది తెగి వెనక చక్రంలో చుట్టుకోవచ్చు. అందుకే ఇక్కడ హద్దు పేరున్న తయారీదారు దగ్గరే ఆగాలి. బండి కంపెనీ పాకెట్ తప్పనిసరి కాదు. రోలాన్, డైమండ్ లాంటివి వాళ్ల సొంత పాకెట్‌లో, మీ బండి మోడల్ పేరు రాసి ఉన్నది తీసుకుంటే నష్టం లేదు.

100 సీసీ బళ్లకు ఎక్కువగా వచ్చేది 428 చైను. ఒక పిన్ను నుంచి పక్క పిన్నుకు దూరం 12.7 మిల్లీమీటర్లు. అంటే 20 లింకుల దూరం 254 మిల్లీమీటర్లు. బిగువుగా లాగి పట్టి, టేపుతో 20 లింకులు కొలవండి. 259 దగ్గరికి వచ్చిందంటే చైను పని అయిపోయింది. కొత్త చైను కొన్నప్పుడు ఒకసారి, రెండు వేల కిలోమీటర్ల తర్వాత ఒకసారి ఈ కొలత రాసిపెట్టుకుంటే అది అసలుదో నకిలీదో చైనే చెబుతుంది. మంచి చైను పిన్నులు వేడిచేసి గట్టిపరిచినవి కాబట్టి అంత తొందరగా సాగవు. నకిలీ మొదటి రెండు మూడు వేలల్లోనే రెండుసార్లు అడ్జస్టర్ లాగిస్తుంది.

స్ప్రాకెట్ గట్టిదనం చూడటానికి చిన్న ఆకురాయి చాలు. పళ్ల కొసన ఒక మూల మెల్లిగా రాయండి. గట్టిపరిచిన పన్ను మీద ఆకురాయి జారిపోతుంది, మెత్తని ఇనుమైతే కరుస్తుంది. కొన్నాక, బిగించకముందు చేసే పరీక్ష ఇది. షాపులో రాస్తే వెనక్కి తీసుకోరు. చైను ఒక్కటి మార్చి పాత పళ్లచక్రాలు ఉంచడం పొదుపు కాదు. అరిగిన పళ్లు కొత్త చైనును కొన్ని నెలల్లో పాతదాన్ని చేస్తాయి. మూడూ కలిపే మార్చాలి. చైను జాయింటుకు క్లిప్పు ఉంటే దాని మూసి ఉన్న కొస చైను కదిలే వైపు ఉండాలి. తిరగేస్తే తగిలిన రాయికే ఊడుతుంది.

ఇక్కడ వదిలేయొచ్చు

హబ్బు లోపలి రబ్బర్లు చైను ఊపును మింగడానికి ఉంటాయి. అవి అరిగితే గేరు వేసినప్పుడు టక్కుమంటుంది, బండి పడిపోదు. తన పేరున్న లోకల్ రబ్బర్లు వేయించొచ్చు. వేలితో నొక్కితే కొంచెం లోపలికి పోయి తిరిగి రావాలి, రాయిలా ఉండొద్దు. మడ్‌గార్డ్ ఫ్లాప్, చైన్ కవరు, ఫుట్‌రెస్ట్ రబ్బరు, హ్యాండిల్ గ్రిప్పులు, సీటు కవరు, ఇండికేటర్ అద్దం, ఇవన్నీ ఏ షాపులో, ఏ రకం దొరికినా సరే. క్లచ్ కేబులు తెగినా బండి ఆగుతుంది గానీ మనిషి పడడు కాబట్టి పేరున్న లోకల్‌ది చాలు. బ్రేకు కేబులుకు మాత్రం బ్రేక్ షూ నియమమే. టైరు, ట్యూబు మీద ఐఎస్ఐ ముద్ర లేకపోతే ముట్టొద్దు.

ఇప్పుడు మన పాల బండికి లెక్క కడదాం. ధరలు మోడల్‌ను బట్టి, షాపును బట్టి మారతాయి. ఇక్కడ వేసుకున్నవి లెక్క అర్థం కావడానికే. అన్నీ కంపెనీ పాకెట్‌లో తీసుకుంటే షూలు 350, బేరింగులు రెండూ 360, చైన్ కిట్ 1,300, రబ్బర్లు 150 అనుకుంటే 2,160 రూపాయలు. అన్నీ చవక లోకల్‌వి తీసుకుంటే 130, 140, 600, 70 కలిపి 940. మూడో దారి: షూలు కంపెనీవి 350, బేరింగులు పేరున్నవి డీలరు దగ్గర 300, చైన్ కిట్ తయారీదారు పాకెట్‌లో 950, రబ్బర్లు లోకల్‌వి 70. మొత్తం 1,670. మొదటిదానికన్నా 490 మిగిలింది, బ్రేకులో పైసా కూడా తగ్గించలేదు.

చవకదానితో పోలిస్తే 730 ఎక్కువ అనిపిస్తుంది. అందులో సగం దాకా చైన్ కిట్‌దే. మంచి కిట్ 20,000 కిలోమీటర్లు, చవకది 8,000 నడుస్తుందనుకోండి. మొదటిది కిలోమీటరుకు 4.75 పైసలు, రెండోది 7.5 పైసలు. రోజుకు 50 కిలోమీటర్లు తిరిగే బండి 160 రోజులకే మళ్లీ చైను మార్చుకోవాలి, మెకానిక్ కూలి మళ్లీ ఇవ్వాలి. మీ బండి చైను నిజంగా ఎన్ని కిలోమీటర్లకు పోతోందో మీటరు రీడింగు రాసుకుంటే ఈ అంకెల స్థానంలో మీవి వేసుకోవచ్చు.

పాకెట్, బిల్లు

చట్టం ప్రకారం పాకెట్ మీద తయారీదారు లేదా ప్యాక్ చేసినవారి పేరు, చిరునామా, ఎన్ని ముక్కలు, తయారైన నెల, సంవత్సరం, అన్ని పన్నులతో ఎమ్మార్పీ, ఫిర్యాదుకు ఫోన్ నంబరు లేదా మెయిల్ ఉండాలి. వీటిలో చిరునామా, నెల లేని "కంపెనీ" పాకెట్ మీద వెంటనే అనుమానపడాలి. ఒకే పాకెట్ మీద రెండు ధరలున్నంత మాత్రాన నకిలీ అనుకోవద్దు. 2025 సెప్టెంబరు 22 నుంచి వాహన విడిభాగాల మీద జీఎస్టీ చాలావాటికి 28 నుంచి 18 శాతానికి తగ్గింది కాబట్టి అంతకుముందు తయారైన సరుకు మీద కొత్త ధర స్టిక్కరు ఉండొచ్చు. కొత్త స్టిక్కరు పాత ధరను కప్పేయకూడదు, కప్పేస్తే ఎందుకో అడగండి.

క్యూఆర్ కోడును ఫోను కెమెరాతో స్కాన్ చేసి "జెన్యూన్" అని వస్తే సరిపోదు. కోడును కూడా కాపీ కొట్టొచ్చు, అది తీసుకెళ్లే పేజీ కూడా నకిలీదై ఉండొచ్చు. కంపెనీ యాప్‌ను మీరే వెతికి పెట్టుకుని అందులోంచి స్కాన్ చేయండి. గీకితే కనిపించే కోడు ఉన్నచోట, "ఈ కోడు ఇప్పటికే చూశారు" అని జవాబొస్తే ఆ పాకెట్ వద్దు. పొర ముందే గీకి ఉన్నా అంతే.

ఇన్ని పరీక్షలూ కొనేవాడి చేతిలో పార్టు ఉంటేనే. మన దగ్గర ఎక్కువగా జరిగేది మెకానిక్ పోయి తేవడం, బిగించాక బిల్లు చెప్పడం. మెకానిక్‌ను అనుమానించాల్సిన పని లేదు, అతనూ మోసపోవచ్చు. "బిగించేముందు పాకెట్ విప్పకుండా చూపించు అన్నా, పాత సామాను నాకే ఇయ్యి" అని ముందే చెప్పండి. బిల్లు మీద "బ్రేక్ షూ 1 సెట్" అని కాకుండా కంపెనీ పేరు, పార్ట్ నంబరు రాయించండి. పని అయ్యాక ఖాళీ పాకెట్‌ను, హోలోగ్రామును కత్తిరించి పారేయండి. చెక్కుచెదరని అసలు పాకెట్లను కొనుక్కుని అందులో నకిలీ సరుకు నింపేవాళ్లున్నారు.

నకిలీ అని తేలితే గొడవకు దిగకముందే పార్టు, పాకెట్, బిల్లు మూడూ ఫొటోలు తీసి దాచండి. పాకెట్ కత్తిరించే మాట అసలైనవాటికే. ముందు ఆ పేరున్న కంపెనీ కస్టమర్ కేర్‌కు పంపండి. తమ పేరు కాపాడుకోవాల్సింది వాళ్లు, పోలీసులతో సోదాలకు వచ్చేదీ వాళ్ల మనుషులే. ట్రేడ్ మార్క్స్ చట్టం, 1999 కింద నకిలీ ముద్ర వేసినవాడికీ, ఆ సరుకు అమ్మినవాడికీ ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా ఉన్నాయి. డబ్బు వెనక్కి కావాలంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. పాకెట్ మీద వివరాలు లేకపోవడం తూనికలు కొలతల శాఖ చూసుకునే వ్యవహారం. ఎక్కడికి వెళ్లినా మొదట అడిగేది బిల్లే.